టామీఫ్లూ పనిచేయదని ఒక కాగితం, అదే వాడమని ఇంకో కాగితం. ఏది నమ్మాలి?

కొత్తపేట_రమణ
మా నాన్నగారికి 71. మొన్న ఫ్లూ పాజిటివ్ వచ్చింది, రిపోర్టులో హెచ్1ఎన్1 అని ఉంది. డాక్టరుగారు ఒసెల్టామివిర్, అంటే టామీఫ్లూ, 75 పొద్దునొకటి రాత్రొకటి, ఐదు రోజులు రాశారు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు ఊరుకోకుండా వెతికి అమెరికా సీడీసీ వాళ్ల కాగితం ఒకటి పంపింది. హెచ్1ఎన్1 మీద ఒసెల్టామివిర్ పనిచేయడం లేదు, వేరే మందు చూడండి అని అందులో స్పష్టంగా ఉంది. 2008 డిసెంబరు నాటిది. ఇంకో బావగారేమో డబ్ల్యూహెచ్‌వో కూడా ఈమధ్య దీన్ని పక్కన పెట్టేసిందంటున్నారు. ఇవాళ మూడో రోజు, జ్వరం ఇంకా నూరు దగ్గరే ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏడాదికో మాట మారుస్తుంటే మనలాంటివాళ్లు ఏం చేయాలి?

వేపచెట్టు
ఇందులో ఆశ్చర్యం ఏముందండీ. 2009లో స్వైన్ ఫ్లూ అనగానే జనం టామీఫ్లూని పిప్పరమెంట్లలా మింగారు. యాంటీబయాటిక్స్‌కి ఏం గతి పట్టిందో దీనికీ అదే పట్టింది. వాడకం పెరిగితే వైరస్ ముదిరి మందుకు లొంగదు, రెసిస్టెన్స్ అంటే అదే. మందు మార్చక ఏం చేస్తారు?

గోళీసోడా
మా ఆఫీసులో పాలసీ కూడా ఏడాదికోసారి మారుతుంది. అక్కడ వైరస్ ఎవరో అందరికీ తెలుసు, మందే లేదు.

మాత్రల_మూర్తి
వేపచెట్టు గారూ, 2009లో మన దగ్గర పిప్పరమెంట్లలా ఎవరు మింగారండీ? నాకు మందుల షాపు ఉంది కాబట్టి చెబుతున్నా. అప్పుడది షెడ్యూల్ ఎక్స్‌లో ఉండేది. ఆ లైసెన్సు ఉన్న షాపులే అమ్మాలి, చీటీ కాపీ రెండేళ్లు దాచాలి. మామూలు షాపులో ఒక్క స్ట్రిప్పు దొరికేది కాదు. గాంధీ ఆసుపత్రి లాంటి చోట్ల సర్కారే ఇచ్చేది. 2017లో షెడ్యూల్ హెచ్1లోకి మార్చాకే మా అలమరాలోకి వచ్చింది. పైగా చెల్లెలుగారి కాగితం 2008ది అంటున్నారు. 2009లో మింగినదానికి 2008లో రెసిస్టెన్స్ ఎలా వస్తుంది?

గోళీసోడా
మూర్తి గారు చీటీ చూడకుండా దేనికీ ఒప్పుకోరు.

ప్లేటు96
రమణ గారూ, ఆ కాగితం నిజమైనదే. కానీ అందులో చెప్పిన హెచ్1ఎన్1 ఇప్పుడు లేదు. మీ నాన్నగారి రిపోర్టు మళ్లీ చూడండి, పక్కన పీడీఎం09 అని ఉండాలి, అంటే 2009లో వచ్చిన కొత్త హెచ్1ఎన్1. పేరు ఒకటే, వైరస్ వేరు. నేను కొన్నేళ్లు వైరస్ ల్యాబులో ఈ పనే చేశాను, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

2009కి ముందు ఏటా చలికాలంలో వచ్చే పాత హెచ్1ఎన్1 ఒకటి ఉండేది. దాంట్లో ఒసెల్టామివిర్‌కి లొంగనివి అరుదు, నూటికి ఒకటి కూడా ఉండేవి కావు. 2008 జనవరి చివర్లో నార్వే నుంచి కబురొచ్చింది. ఆ సీజన్లో వాళ్లు పరీక్షకు పంపిన హెచ్1ఎన్1 నమూనాలు మొదట 16 చూస్తే 12 మందుకు లొంగలేదు. ఇలా అవుతుందని ఎవరూ ఊహించలేదు. సీజన్ ముగిసేసరికి లెక్క చూస్తే నార్వేలో మూడింట రెండు వంతులు అలాంటివే. అన్నిట్లోనూ ఒకటే మార్పు. వైరస్ పైన ఉండే న్యూరామినిడేజ్ అనే ఎంజైములో 275వ స్థానంలో హిస్టిడిన్ పోయి టైరోసిన్ వచ్చింది. జన్యువులో ఒక్క అక్షరం తేడా, సీఏసీ కాస్తా టీఏసీ అయింది. దాన్నే హెచ్275వై అంటాం. ఒసెల్టామివిర్ ఆ ఎంజైములో కూర్చోవాలంటే లోపల ఒక అమైనో ఆమ్లం కాస్త పక్కకు జరిగి చోటివ్వాలి. టైరోసిన్ ఉంటే అది జరగదు. ఇదే ఎంజైమును ఆపే ఇంకో మందు జనామివిర్‌కి ఆ చోటుతో పనిలేదు కాబట్టి అది మామూలుగానే పనిచేస్తుంది.

ఏడాది తిరిగేసరికి, 2008-09 చలికాలానికి, అమెరికాలో పాత హెచ్1ఎన్1 దాదాపు మొత్తం ఇలాగే తయారైంది. మీ చెల్లెలుగారు పంపిన కాగితం అప్పటిది.

వేపచెట్టు
మరి నేనన్నదీ అదేగా! నార్వేవాళ్లు ఎక్కువ వాడి ఉంటారు.

ప్లేటు96
అసలు చిక్కంతా అక్కడేనండీ. నార్వేలో టామీఫ్లూ వాడకం చాలా తక్కువ. లొంగని వైరస్ దొరికినవాళ్లలో ఆ మందు మింగినవాళ్లు లేరనే చెప్పాలి. ఆ రోజుల్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ టామీఫ్లూ వాడిన దేశం జపాన్. అదే 2007-08 సీజన్లో అక్కడ లొంగనివి నూటికి మూడు కూడా లేవు. వాడకమే కారణమైతే లెక్క తలకిందులుగా ఉండాలి.

వేపచెట్టు
అంటే వాడకానికీ రెసిస్టెన్స్‌కీ సంబంధమే లేదంటారా? అదైతే నేను ఒప్పుకోను.

ప్లేటు96
అలా అనలేదు. మందు వేసుకుంటున్న మనిషి ఒంట్లో లొంగని వైరస్ పుట్టడం నిజమే. ముఖ్యంగా ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్లు, కీమోలో ఉన్నవాళ్ల ఒంట్లో వైరస్ వారాల తరబడి ఉంటుంది, మందూ నడుస్తూనే ఉంటుంది. అక్కడ హెచ్275వై కనబడటం మాకు కొత్త కాదు. పుట్టడం వరకు మీరన్నది సరే. పుట్టినది ఊరంతా పాకడం వేరే సంగతి. అంతకుముందు ఫెర్రెట్లనే చిన్న జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ మార్పున్న వైరస్ కుంటుతూ నడిచేది. ఎంజైము సరిగా తయారై వైరస్ పైకి చేరేది కాదు. అందుకే ఇది పాకదులే అని పెద్దపెద్దవాళ్లే ధీమాగా ఉన్నారు.

ఆ కుంటితనం ఎలా పోయిందో 2010లో కాల్‌టెక్‌లో జెస్సీ బ్లూమ్, డేవిడ్ బాల్టిమోర్ వాళ్లు చూపించారు. అదే ఎంజైములో 222, 234 స్థానాల్లో ఇంకో రెండు మార్పులు ముందే వచ్చి కూర్చున్నాయి. మందుతో వాటికి సంబంధం లేదు. అవి ఎంజైమును వైరస్ పైకి బాగా చేరవేస్తాయి. ఆ బలం ముందే ఉండటంతో హెచ్275వై వచ్చినా వైరస్‌కి నష్టం లేకపోయింది. ఆ తర్వాత అది ఆ వైరస్ తోపాటే దేశాలు తిరిగింది, మందు వాడని చోటికీ వెళ్లింది.

వేపచెట్టు
సరే, పుట్టడానికి వాడకం, పాకడానికి వైరస్ ఓపిక. సగం నాది, సగం మీది.

నైట్‌డ్యూటీ
ఆ 2008 చలికాలం నేను డెట్రాయిట్ దగ్గర రెసిడెన్సీలో ఉన్నాను. బయటివాళ్లకి గైడ్‌లైన్ మారిందని ఒక్క ముక్కలో కనబడుతుంది. వార్డులో మా బాధ వేరు. ఆ ఏడాది రెండు రకాల ఇన్‌ఫ్లుయెంజా ఏ తిరుగుతోంది. హెచ్1ఎన్1కి ఒసెల్టామివిర్ పనిచేయదు, కానీ ఫ్లూకి పాత మందులైన అమాంటడీన్ జాతిలోని రిమాంటడీన్ పనిచేస్తుంది. హెచ్3ఎన్2 దీనికి పూర్తిగా ఎదురు. దానికి ఒసెల్టామివిర్ పనిచేస్తుంది, రిమాంటడీన్ పనిచేయదు. మా చేతిలో ఉన్న రాపిడ్ టెస్ట్ ఏ, బీ అని మాత్రమే చెబుతుంది. ఏ అయితే హెచ్1 అని అనుకోవాలా, హెచ్3 అని అనుకోవాలా? పీసీఆర్ పంపితే జవాబు వచ్చేలోగా మందు మొదలుపెట్టాల్సిన 48 గంటలు దాటిపోతాయి.

అందుకే ఆ డిసెంబరు కాగితం జనామివిర్ వాడండి, లేదా ఒసెల్టామివిర్, రిమాంటడీన్ రెండూ కలిపి ఇవ్వండి అంది. జనామివిర్ అంటే పొడి పీల్చేది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు, అయిదేళ్ల పిల్లలు సరిగా పీల్చలేరు. వాళ్లకి రెండు మందుల జోడీనే. రిమాంటడీన్ దొరక్క ఫార్మసీల చుట్టూ ఫోన్లు చేసిన రాత్రులు ఉన్నాయి. వింతేమిటంటే అదే సీడీసీ 2006 జనవరిలో ఈ రిమాంటడీన్ జాతిని పూర్తిగా ఆపేయమంది, హెచ్3ఎన్2లో నూటికి 91 దానికి లొంగడం లేదని. మూడేళ్లు తిరక్కముందే దాన్నే మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది.

మాత్రల_మూర్తి
ఇదేం లెక్కండీ బాబూ. ఒకటి మూసేస్తే ఇంకోటి తెరుస్తుంది.

నైట్‌డ్యూటీ
అసలు మలుపు తర్వాత వచ్చింది మూర్తి గారూ. 2009 ఏప్రిల్‌లో కొత్త హెచ్1ఎన్1 దిగింది. దానికి ఒసెల్టామివిర్ పనిచేస్తుంది, అమాంటడీన్ జాతి పనిచేయదు. అంటే పాత హెచ్1ఎన్1కి సరిగ్గా ఎదురు. కొన్ని నెలల్లో పాతది ప్రపంచంలోనే కనబడకుండా పోయింది, దాంతోపాటే దాని హెచ్275వై కూడా పోయింది. గైడ్‌లైన్ మళ్లీ ఒసెల్టామివిర్‌కి వచ్చేసింది. మనుషులు పూనుకుని రెసిస్టెన్స్‌ని తగ్గించలేదు. అది ఎక్కిన వైరసే ఆట నుంచి తప్పుకుంది. మన దేశంలో ఈ కొత్త వైరస్ మొదటి కేసు 2009 మేలో హైదరాబాదులోనే, అమెరికా నుంచి దిగిన ప్రయాణికుడిలో దొరికింది.

సత్తెనపల్లి_సుధ
మా పాపకి జలుబు, దగ్గు అని అజిత్రోమైసిన్ రాశారు. మూడు రోజులకే ఆపేశాను. ఇప్పుడు ఈ హెచ్275 మా పాపకి వస్తుందా?

నైట్‌డ్యూటీ
రాదమ్మా. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మందు, ఫ్లూ వైరస్‌కి అది తగలనే తగలదు. చాలాసార్లు దాన్ని మూడు రోజులకే రాస్తారు. మీ చీటీలో ఎన్ని రోజులుందో ఒకసారి చూసుకోండి.

కొత్తపేట_రమణ
రిపోర్టు చూశాను, పీడీఎం09 అనే ఉంది. కాస్త ఊపిరి పీల్చుకున్నా. కానీ మూడో రోజు కూడా జ్వరం ఉందంటే ఈయనకి లొంగని రకం వచ్చినట్టేనా? ఆ పరీక్ష ఏదో ఇక్కడే చేయించవచ్చా?

నైట్‌డ్యూటీ
జ్వరం చూసి రెసిస్టెన్స్ అని చెప్పలేం. ఒసెల్టామివిర్ వేయగానే జ్వరం దించే మందు కాదు. 48 గంటల లోపు మొదలుపెట్టినా మామూలు మనిషిలో జబ్బుని తగ్గించేది సుమారు ఒక రోజు. మూడో రోజు నూరు ఉండటం ఫ్లూలో మామూలే. ఇప్పుడు తిరుగుతున్న పీడీఎం09లో హెచ్275వై నూటికి ఒకటి కూడా ఉండటం లేదు. దాని గురించి బెంగ పెట్టుకునే బదులు ఆయాసం, వేలికి పెట్టే మీటర్లో ఆక్సిజన్, మనిషి మగతగా ఉండటం, తగ్గిన జ్వరం మళ్లీ ఎగబాకడం చూసుకోండి. వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఐదు రోజులూ మందు ఆపకండి. 71 ఏళ్లంటే మన ప్రభుత్వ గైడ్‌లైన్లో రిస్కు ఉన్నవాళ్ల జాబితాలోనే వస్తారు. మీ డాక్టరుగారు రాసింది దాని ప్రకారమే.

గోళీసోడా
ఒక సీరియస్ డౌటు. నార్వేవాళ్లకి పదహారు నమూనాల్లో పన్నెండు లొంగలేదని ఎలా తెలిసింది? వైరస్‌కి మాత్ర మింగిస్తారా?

ప్లేటు96
దాదాపు అదే చేస్తాం. కొన్ని ఎంపిక చేసిన ఆసుపత్రుల నుంచి గొంతు, ముక్కు స్వాబులు వస్తాయి. పీసీఆర్‌లో ఏ రకమో తేలాక కొన్నిటిని కుక్క కిడ్నీ కణాల్లో పెంచుతాం. 96 గుంటల ప్లేటులో ఒక వరుసలో మందును పలచన చేసుకుంటూ పోస్తాం, ఒక చివర చిక్కగా, ఇంకో చివర దాదాపు ఏమీ లేకుండా. అన్నిట్లో అంతే వైరస్ వేసి, న్యూరామినిడేజ్ కోస్తే వెలిగే రసాయనం ఒకటి కలుపుతాం. మందు ఎంజైమును ఆపితే ఆ గుంట చీకటి, ఆపలేకపోతే నీలంగా మెరుస్తుంది. వెలుగు సగానికి పడటానికి ఎంత మందు పట్టిందో అదే ఐసీ50.

ఉదాహరణకి మామూలు వైరస్‌కి అర నానోమోలార్ సరిపోయిందనుకోండి. అదే ప్లేటులో ఇంకో నమూనాకి 250 పట్టింది. అంటే 500 రెట్లు. డబ్ల్యూహెచ్‌వో కొలత ప్రకారం ఇన్‌ఫ్లుయెంజా ఏకి పది రెట్ల లోపు మామూలు, పది నుంచి నూరు తగ్గినట్టు, నూరు దాటితే బాగా తగ్గినట్టు. మా రిపోర్టులో రెసిస్టెంట్ అని రాయం, ఎంజైమును ఆపే శక్తి తగ్గింది అని రాస్తాం. ప్లేటులో పన్నెండు రెట్లు వచ్చినంత మాత్రాన మంచం మీద మందు పనిచేయదని అర్థం కాదు. 500 వస్తే మాత్రం డాక్టరుకి చెప్పాల్సిందే.

ఇందులో మోసపోయే చోటొకటి ఉంది. హెచ్3ఎన్2ని కణాల్లో పెంచేటప్పుడు 151వ స్థానంలో మార్పు దానంతటదే పుడుతుంది. ప్లేటు చూస్తే లొంగని వైరస్ దొరికిందన్నట్టే ఉంటుంది. ఫ్రీజర్‌లో దాచిన అసలు స్వాబు తీసి సీక్వెన్స్ చేస్తే అందులో ఆ మార్పు ఉండదు. రోగిలో లేని రెసిస్టెన్స్‌ని మన ఫ్లాస్కే పుట్టించిందన్నమాట. అందుకే అసలు స్వాబు చూడకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.

రమణ గారూ, ఇది ఊళ్లో ల్యాబులో చేయించేది కాదు. ఇలాంటి నిఘా ల్యాబుల జాలంలో మన దేశం నుంచి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్ఐవీ ఉంది. జవాబు వారాలకి వస్తుంది. అది ఒక రోగి కోసం కాదు, వచ్చే సీజన్లో ఏ మందు రాయాలో తేల్చడం కోసం.

ఒసాకా_అమ్మ
చదువుతుంటే మా ఇంటి సంగతే గుర్తొచ్చింది. మేం జపాన్‌లో ఉంటాం. ఇక్కడ జ్వరమని వెళ్తే అక్కడికక్కడే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి మందిచ్చేస్తారు. ఒక ఏడాది మా బాబుకి బలోక్సావిర్ అనే కొత్త ఫ్లూ మందు ఇచ్చారు, ఒక్కటే డోసు. భలే ఉందే అనుకున్నా. తర్వాత ఒక చలికాలం ఇంకో క్లినిక్‌లో అదే అడిగితే, పన్నెండేళ్ల లోపు పిల్లలకి మేం ఇవ్వం అని ఒసెల్టామివిర్ సిరప్ చేతిలో పెట్టారు. ఐదు రోజులు తాగించేసరికి నా పని అయిపోయింది. ఇదీ ఆ మారే గైడ్‌లైన్ గొడవేనా?

ప్లేటు96
అదేనండీ. బలోక్సావిర్ న్యూరామినిడేజ్ జోలికి పోదు. వైరస్ తన కాపీలు తీసుకునే యంత్రంలో పీఏ అనే ముక్కను పట్టుకుంటుంది. జపాన్‌లో 2018లో వచ్చింది. పీఏలో 38వ స్థానం మారితే మందు పట్టు జారిపోతుంది. పెద్దవాళ్ల ట్రయల్లో మందు తీసుకున్న పదిమందిలో ఒకరికి ఆ మార్పు కనబడింది. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో అది నలుగురిలో ఒకరికి దగ్గరగా వచ్చింది. చిన్నపిల్లలకి ముందు ఫ్లూ తగిలిన అనుభవం తక్కువ, ఒంట్లో వైరస్ ఎక్కువసేపు ఎక్కువ మోతాదులో ఉంటుంది, మారడానికి అవకాశం దొరుకుతుంది. అందుకే 2019లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం పన్నెండు లోపువాళ్లకి చొరవగా ఇవ్వొద్దంది.

ఇందాక చెప్పిన ప్లేటు దీనికి పనికిరాదు, వేరే ఎంజైము కదా. పీఏ సీక్వెన్స్ చేయాల్సిందే. కొత్త మందు రాగానే నిఘా పద్ధతి కూడా మార్చుకోవాల్సి వస్తుంది.

వేపచెట్టు
చూశారా, ఇక్కడ వాడకమే కారణం. ఆ సగం నాదే.

కొత్తపేట_రమణ
మరి మా బావగారు చెప్పిన డబ్ల్యూహెచ్‌వో సంగతి? ఒసెల్టామివిర్ వద్దంది అంటే రెసిస్టెన్స్ వల్లేనా?

నైట్‌డ్యూటీ
కాదు. 2024 సెప్టెంబరు గైడ్‌లైన్ అది. జబ్బు ముదరనివాళ్లలో ఒసెల్టామివిర్ వల్ల ఆసుపత్రిపాలవడం, చనిపోవడం తగ్గుతున్నట్టు ట్రయల్స్‌లో గట్టిగా కనబడలేదు, వాంతులు మాత్రం కనబడ్డాయి. అందుకని అలాంటివాళ్లకి వద్దని షరతులతో చెప్పారు. తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకి ఒసెల్టామివిరే వాడమన్నారు, అదీ షరతులతోనే. ముదిరే ప్రమాదం ఉన్నవాళ్లకి బలోక్సావిర్ వైపు మొగ్గారు. వైరస్ ఏమీ మారలేదు, పాత ట్రయల్స్ అన్నిటినీ కలిపి మళ్లీ లెక్కేశారు. సీడీసీ మాత్రం రిస్కు ఉన్నవాళ్లకి ఒసెల్టామివిర్‌ని ఇప్పటికీ వాడమంటోంది. ఒకే సాక్ష్యం, ఇద్దరి తూకం వేరు. నేనైతే 71 ఏళ్ల మనిషికి ఉన్న మందు ఇవ్వడం వైపే ఉంటాను.

మాత్రల_మూర్తి
మా షాపులో ఆ బలోక్సావిర్ నేనెప్పుడూ అమ్మలేదు, ఎవరూ అడగలేదు కూడా. కాగితం మీద మొగ్గడం సులువే.

ప్లేటు96
డాక్టరుగారూ, మీతో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. బలోక్సావిర్‌ని విచ్చలవిడిగా వాడితే 38వ మార్పు హెచ్275వై దారినే పోదని హామీ ఏముంది? పీడీఎం09లో కూడా మందు వాడనివాళ్ల మధ్య హెచ్275వై గుంపుగా పాకిన సందర్భాలు ఉన్నాయి. 2011లో ఆస్ట్రేలియా న్యూకాజిల్‌లో, 2013-14లో సప్పోరోలో. రెండుసార్లూ దానంతటదే ఆగిపోయింది.

నైట్‌డ్యూటీ
ఇప్పటిదాకా 38వ మార్పున్నవి ప్రపంచం మొత్తంలో నూటికి ఒకటి లోపే కదా. పాకుతుందేమోనన్న భయంతో, వైరస్‌ని త్వరగా దించే మందును మంచం మీదున్నవాడికి ఇవ్వకుండా ఉంటామా?

ప్లేటు96
2007 వేసవిలో హెచ్275వై లెక్క కూడా అంతే ఉండేది. ఇవ్వొద్దని నేననడం లేదు. ఎవరికి ఇచ్చామో వాళ్ల స్వాబు ఐదో రోజు మళ్లీ తీసి పంపండి అంటున్నా. అది ఎవరూ చేయడం లేదు.

నైట్‌డ్యూటీ
ఐదో రోజుకి రోగి ఇంటికెళ్లి ఇడ్లీ తింటుంటాడు. స్వాబు కోసం వెనక్కి ఎవరొస్తారు? ఎవరు డబ్బులిస్తారు?

గోళీసోడా
ఇడ్లీ పెడితే నేనొస్తా.

కొత్తపేట_రమణ
ఇందాకే చూశాం, 99.2. ఆక్సిజన్ 97. చెల్లెలికి ఈ దారం లింకు పంపాను. పీడీఎం09 అంటే ఏంటని అడుగుతోంది, ప్లేటు గారి పోస్టు చదవమన్నాను.